ఇన్ఫ్యూషన్ పంపు అలారాలు, తుడిచే సూచనలు తెలుగులో ఎలా రాయాలి?

ప్రశ్న: "భీమవరం దగ్గర మా ఆసుపత్రి ఐసీయూలో సిరంజి పంపులు, సెలైన్ పంపులు కలిపి పన్నెండు ఉన్నాయి. కొత్తగా చేరిన సిస్టర్లకు తెర మీద వచ్చే ఇంగ్లీషు అలారాలు, కంపెనీ పుస్తకంలోని క్లీనింగ్ సూచనలు సరిగా అర్థం కావడం లేదు. వాటిని తెలుగులో రాసి ప్రతి పంపుకూ కార్డు కట్టమని నాకు అప్పగించారు. అచ్చ తెలుగు మాటలు వాడాలా, వార్డులో వాడే ఇంగ్లీషు మాటలే తెలుగు అక్షరాల్లో రాయాలా?"

సమాధానం:

మేడమ్ గారికి నమస్కారం. వార్డులో సిస్టర్లు రోజూ నోటితో అనే మాటే రాయండి. వాళ్లు "లైన్ బ్లాక్ అయింది" అంటారు, "సెలైన్ ఎక్కుతోంది" అంటారు, "త్రీ-వే తిప్పు" అంటారు. "అవరోధం", "ద్రవ ప్రవాహం" అని రాస్తే చదివినవాళ్లు దాన్ని మనసులో మళ్లీ తమ మాటల్లోకి మార్చుకోవాలి. అలారం మోగుతున్నప్పుడు అంత వ్యవధి ఉండదు. మీ ప్రశ్నకు సూటి జవాబు ఇంతే. అయితే పద్దెనిమిదేళ్లుగా గోదావరి జిల్లాల ఆసుపత్రుల్లో ఈ పంపుల మరమ్మతు చూస్తూ, వాటికి ఇలాంటి కార్డులు రాస్తూ ఉన్నవాడిగా ఒక విషయం చెప్పాలి. కార్డు తప్పుదోవ పట్టించిన ప్రతిసారీ నాకు కనిపించిన లోపం మాటలో కన్నా పనుల వరసలో ఉంది. అందుకే అన్ని అలారాల గురించీ రాయకుండా, వరస తప్పితే రోగికి నేరుగా హాని జరిగే, లైన్ బ్లాక్ అయినప్పుడు మోగే `OCCLUSION` గురించే ఎక్కువగా రాస్తాను. అది కుదిరితే మిగతావి మీరే రాసుకోగలరు.

తెర మీది ఇంగ్లీషు మాటను మాత్రం కార్డు పైన ఇంగ్లీషులోనే, తెర మీద ఉన్నట్టే పెద్ద అక్షరాలతో ఉంచండి. సిస్టర్ చేసే మొదటి పని తెర మీది అక్షరాలనూ కార్డు మీది అక్షరాలనూ పోల్చి చూడడం. "అక్లూజన్" అని తెలుగు లిపిలో రాస్తే ఆ పోలిక కుదరదు. ఒకే అలారానికి ఒక కంపెనీ పంపు `OCCLUSION` అంటే మరొకటి `HIGH PRESSURE` అనవచ్చు కాబట్టి ఒక్కో మోడలుకు ఒక్కో కార్డు ఉండాలి. సిరంజి పంపుకూ సెలైన్ పంపుకూ ఒకే కార్డు కట్టకండి. సిరంజి పంపుల్లో సాధారణంగా గాలిని పసిగట్టే సెన్సర్ ఉండదు; వాటి కార్డు మీద `AIR IN LINE` కనిపిస్తే, లైన్‌లో గాలి ఉంటే ఈ పంపే చెబుతుందిలే అని కొత్త సిస్టర్ నమ్మే ప్రమాదం ఉంది.

ఇక అసలు విషయానికి వస్తాను. చాలా ఏళ్ల క్రితం ఒక ఆసుపత్రికి నేను రాసిచ్చిన మొదటి కార్డులో ఈ అలారానికి ఇలా ఉండేది:

> OCCLUSION
> లైన్‌లో అడ్డు ఏర్పడింది. అడ్డును తొలగించి START నొక్కండి.

కంపెనీ పుస్తకంలోని సారాంశం అదే. తెలుగులోనూ తప్పు లేదు. కొన్ని వారాల తరువాత ఒక రాత్రి, బీపీ నిలబెట్టడానికి నోరడ్రినలిన్ గంటకు 4 ఎం.ఎల్. చొప్పున ఎక్కుతున్న రోగి పక్కన ఈ అలారం మోగింది. రోగిని పక్కకు తిప్పినప్పుడు త్రీ-వే పిడి తిరిగి, లైన్ మూసుకుపోయింది. సిస్టర్ కార్డు చూశారు, అడ్డు ఎక్కడుందో వెంటనే కనిపెట్టారు, త్రీ-వే తెరిచి START నొక్కారు. కార్డులో ఉన్నది ఉన్నట్టు చేశారు. నిమిషం తిరగకముందే బీపీ రెండు వందలు దాటింది. వైద్యులు పక్కనే ఉండడం వల్ల రోగికి ఏమీ కాలేదు. ఆ తప్పు ఆ సిస్టర్‌ది కాదు, నా వాక్యానిది.

ఏం జరిగిందో లెక్క వేసి చూద్దాం. లైన్ మూసుకున్న క్షణంలోనే పంపుకు ఆ సంగతి తెలియదు. అది సిరంజిని నెడుతూనే ఉంటుంది. మందు రోగికి వెళ్లదు, పైపు కాస్త సాగుతుంది, సిరంజి రబ్బరు నొక్కుకుంటుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి మనం పెట్టిన హద్దు దాటాకే అలారం మోగుతుంది. గంటకు 4 ఎం.ఎల్. వేగంలో అందుకు పది నిమిషాలు పట్టిందనుకుంటే, ఆ పది నిమిషాల్లో నెట్టిన మందు, అంటే దాదాపు 0.67 ఎం.ఎల్., బిగుసుకున్న పైపులోనే ఉండిపోతుంది. త్రీ-వే తెరవగానే అదంతా ఒక్కసారిగా రోగి రక్తంలోకి దూకుతుంది: పది నిమిషాల మందు కొన్ని సెకన్లలో. అలారం మోగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో అన్ని నిమిషాల మందు తలుపు వెనక కాచుకుని ఉందని సిస్టర్లకు చెప్పండి. డెల్టాలో లాకుల దగ్గర పెరిగినవాళ్లకు, తలుపు మూసినప్పుడు వెనక నీళ్లు ఎలా నిలుస్తాయో, ఒక్కసారి ఎత్తితే ఎలా ఉరుకుతాయో వేరే వివరించనక్కరలేదు. వేగం తగ్గేకొద్దీ అలారం ఆలస్యమవుతుంది కూడా. ఇదే ఒత్తిడి హద్దుతో గంటకు 1 ఎం.ఎల్. చొప్పున ఎక్కుతుంటే పది నిమిషాలు కాస్తా నలభై అవుతాయి. ఆ నలభై నిమిషాలూ రోగికి మందు అందదు, ఆ తరువాత ఒక్కసారిగా అందుతుంది. కొన్ని పంపులు అలారం మోగగానే పుషర్‌ను కాస్త వెనక్కి జరిపి ఈ ఒత్తిడిని తగ్గిస్తాయి. మీ పంపులో ఆ ఏర్పాటు ఉందో లేదో పుస్తకంలో చూసుకోండి. ఉన్నా సరే, ఒత్తిడి పూర్తిగా పోయిందని లెక్కపెట్టి కార్డు రాయకండి.

కాబట్టి కార్డు మొదటి వాక్యం అడ్డును తొలగించమని చెప్పకూడదు. రోగి వైపు దారి మూయమని చెప్పాలి. ఇది వింతగా తోస్తుంది. మూసుకుపోయిందని అలారం మోగుతుంటే ఇంకా మూయమంటున్నారేమిటని నన్ను చాలామంది అడిగారు. అలా అనిపిస్తుంది కాబట్టే కార్డు మీద ఉండాలి. తిరగరాసిన కార్డు ఇది:

> OCCLUSION
> రోగి వైపు లైన్ బ్లాక్ అయింది. మందు ఎక్కడం లేదు. లైన్‌లో ఒత్తిడి నిలిచి ఉంది.
> 1. STOP నొక్కండి.
> 2. త్రీ-వేను రోగి వైపు మూయండి.
> 3. త్రీ-వే పక్క మూత తీసి, పంపు నుంచి వచ్చే మందును గాజ్ గుడ్డలోకి వదలండి. చుక్కలు ఆగేదాకా చూడండి.
> 4. ఎక్కడ బ్లాక్ అయిందో చూసి సరిచేయండి. కాన్యులాలోకి ఏదీ గట్టిగా నెట్టకండి.
> 5. పక్క మూత పెట్టి, రోగి వైపు తెరిచి, START నొక్కండి.
> 6. బీపీ మందు అయితే డాక్టరుకు వెంటనే చెప్పండి.

ఈ వరసను మీ వైద్యులు చూసి ఒప్పుకున్నాకే అచ్చు వేయించండి. త్రీ-వే లేకుండా లైన్ నేరుగా కాన్యులాకు తగిలించే అలవాటు ఉంటే 2, 3 అంకెల దగ్గర క్లాంప్ గురించి వేరే వాక్యం కావాలి. ఆరోది చివర ఉంది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు: పక్కన రెండో మనిషి ఉంటే, ఒకరు లైన్ చూస్తుండగానే మరొకరు డాక్టరును పిలవాలి.

ఈ ఆరు పంక్తుల్లో మాటల ఎంపిక గురించి కొంచెం చెబుతాను, ఎందుకంటే ఒక్కోటీ మార్చి మార్చి ఇక్కడికి వచ్చినవే.

పంపుల తెరల మీద `UPSTREAM`, `DOWNSTREAM` అని కనిపిస్తాయి. మన ప్రాంతంలో పుట్టినవాడికి వీటికి "ఎగువ", "దిగువ" అన్నవి ఎంత చక్కగా సరిపోతాయో చెప్పనక్కరలేదు. నాకు ఆ మాటల మీద మమకారం కూడా ఉంది, రెండు కార్డుల్లో వాడాను. కానీ కాలువలో ఎగువ ఎప్పుడూ ఎత్తులోనే ఉంటుంది, మంచం దగ్గర అలా కాదు. పంపును స్టాండుకు కింద బిగిస్తే రోగి చేయి పంపు కన్నా ఎత్తులో ఉంటుంది. "దిగువ లైన్ చూడండి" అని చదివిన ఒక సిస్టర్ కిందికి వేలాడుతున్న పైపు మడతను వెతుకుతూ ఉండగా, అడ్డు పైన మోచేతి మడత దగ్గర ఉంది. అప్పటి నుంచి "రోగి వైపు", "బాటిల్ వైపు" అని మాత్రమే రాస్తున్నాను. ఇవి ఎత్తు మీద ఆధారపడవు.

"ముందు" అనే మాట ఈ కార్డుల్లో వాడకండి. "ముందు క్లాంప్ మూయండి" అంటే మొదట చేయాల్సిన పని అని మన ఉద్దేశం. చదివినవాళ్లకు పంపు ముందువైపు ఉన్న క్లాంప్ అని కూడా తోచవచ్చు, సెట్టు మీద రెండు క్లాంపులు ఉన్నప్పుడు తప్పక తోస్తుంది. "మొదట" అనండి, లేదా అంకె వేయండి. ఇంగ్లీషు పుస్తకంలో "క్లాంప్ మూసే వరకు తలుపు తెరవవద్దు" అనే తరహా వాక్యం తరచుగా వస్తుంది. దాన్ని అలాగే దించకండి. హడావిడిలో చదివే కంటికి "తలుపు తెరవ" అన్నంత వరకే అందుతుంది. తెలుగు వాక్యం పనులు జరిగే వరసలోనే సహజంగా నడుస్తుంది కాబట్టి, "క్లాంప్ మూసి, ఆ తరువాత తలుపు తెరవండి" అంటే సరిపోతుంది. సెలైన్ పంపుల్లో ఇది మరీ ముఖ్యం. క్లాంప్ మూయకుండా తలుపు తీసి సెట్టు బయటికి లాగితే, అందులో దానంతట అదే మూసుకునే క్లిప్పు లేకపోతే, బాటిల్‌లోది ధారగా రోగికి దిగిపోతుంది.

త్రీ-వే గురించి మాటతో పాటు బొమ్మ వేయండి. మన దగ్గర ఎక్కువగా వచ్చే రకంలో `OFF` అని ఉన్న పిడి ఏ వైపు చూస్తుంటే ఆ వైపు మూసుకుంటుంది. అన్ని రకాలూ అలా ఉండవు. మీ స్టోర్‌లో ఉన్న త్రీ-వేను బల్ల మీద పెట్టి, పిడి రోగి వైపు ఉన్నట్టు గీత బొమ్మ గీస్తే చాలు.

కార్డు సరిగా ఉందో లేదో చదివించి తెలుసుకోలేరు. "అర్థమైందా అమ్మా" అంటే అందరూ "అర్థమైంది మేడమ్" అనే అంటారు. నేను చేసేది ఇది: వాడుకలో లేని పంపుకు నీళ్లు నింపిన సిరంజి పెట్టి, లైన్ చివర త్రీ-వే, దానికి మరో చిన్న పైపు తగిలించి, ఆ పైపు కొసను గాజు గ్లాసులో వేస్తాను. ఆ గ్లాసే రోగి. పైపును ఆర్టరీ ఫోర్సెప్స్‌తో బిగించి, అలారం మోగాక, ఆ కార్డు ఎప్పుడూ చూడని నైట్ డ్యూటీ సిస్టర్‌ను పిలిచి, నేను నోరు మెదపకుండా ఆమె చేతుల్ని చూస్తాను. చేయి మొదట ఫోర్సెప్స్ మీదికి వెళితే కార్డు విఫలమైనట్టే. ఫోర్సెప్స్ వదలగానే గ్లాసులోకి నీళ్లు చిమ్మడం ఆమె కళ్లతో చూస్తారు. ఆ తరువాత వరస గురించి ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన అవసరం నాకు రాలేదు. మీ దగ్గర నలుగురితో చేయించండి, నలుగురూ ఒకేచోట తడబడితే ఆ పంక్తిని మార్చండి.

మిగతా అలారాల్లో రెండింటిని మాత్రం ప్రస్తావిస్తాను. `KVO` వచ్చినప్పుడు "పూర్తయింది" అని రాయకండి. పెట్టిన మొత్తం అయిపోయింది గాని పంపు ఆగలేదు. సూదిలో రక్తం గడ్డకట్టకుండా చాలా తక్కువ వేగంతో ఇంకా ఎక్కిస్తోంది. గంటకు 8 ఎం.ఎల్. వెళ్తున్న బీపీ మందు గంటకు 1 ఎం.ఎల్.కు పడిపోతే రోగికి అందేది ఎనిమిదో వంతే. "పెట్టిన మొత్తం అయిపోయింది. ఇప్పుడు చాలా నెమ్మదిగా ఎక్కుతోంది. మందు కొనసాగాలా అని ఆర్డరు చూడండి" అనాలి. రెండోది, మోత ఆపే బటన్. దాని పక్కన "అలారం ఆపండి" అని రాస్తే నొక్కగానే పని అయిపోయిందన్న భావన కలుగుతుంది. "మోత కాసేపు ఆగుతుంది, కారణం అలాగే ఉంటుంది" అని రాయండి.

ఇప్పుడు శుభ్రం చేసే సూచనల సంగతి. ఇక్కడ చదివేది సిస్టర్ ఒక్కరే కాదు, వార్డు ఆయా కూడా అన్నది గుర్తుంచుకోవాలి. కంపెనీ పుస్తకంలోని "క్లీన్" అన్న మాటకు "శుభ్రపరచండి" అని రాసిన కార్డు చూసి, పంపును సింకు దగ్గరికి తీసుకెళ్లి కుళాయి కింద పెట్టిన ఉదంతం నాకు తెలుసు. గిన్నెలను శుభ్రం చేయడం అంటే కడగడమే కదా, ఆమె అలా అనుకోవడంలో తప్పేముంది? కార్డంతటా "తుడవండి" అనే క్రియ ఒక్కటే వాడండి, "కడగకూడదు, నీళ్లలో ముంచకూడదు, మీద స్ప్రే కొట్టకూడదు" అని విడిగా రాయండి. స్ప్రే గుడ్డ మీద కొట్టాలి.

"తడి గుడ్డ" అన్నది కూడా ప్రమాదకరమైన మాటే. పుస్తకం అడిగేది చెమ్మగా ఉన్న గుడ్డను. తెలుగులో తడి గుడ్డ అంటే నీళ్లు కారుతున్నదీ తడి గుడ్డే. "తడిపి, చుక్క కారకుండా గట్టిగా పిండిన గుడ్డ" అని పూర్తిగా రాయండి. ఆ కారే చుక్కలే బటన్ల అంచుల నుంచి, ప్లగ్గు దగ్గర నుంచి లోపలికి దిగుతాయి. మొదటి పంక్తిగా "కరెంటు వైరు తీయండి" అని ఉండాలి.

మందు పేరు దగ్గర మన ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. నిఘంటువు చూసి "క్రిమిసంహారక మందుతో తుడవండి" అని రాస్తే, వరి చేల మధ్య పెరిగిన ఆయాకు ఆ మాట పురుగుమందు డబ్బా మీద చూసినదే. ఆమె పురుగుమందు తెచ్చి తుడుస్తుందని కాదు. ఏది వాడాలో తెలియక చేతికి అందిన ఫినాయిల్ వాడుతుంది. మీ వార్డులో ఆ సీసాను ఏమంటారో, స్పిరిట్ అయితే స్పిరిట్, హైపో అయితే హైపో, ఆ పేరే రాయండి, సీసా రంగు కూడా చెప్పండి. ఏది రాయాలన్నది మాత్రం ఆ పంపు పుస్తకంలోని అనుమతించిన మందుల జాబితాను బట్టి తేల్చండి, మీ అలవాటును బట్టి కాదు. పొసగని ద్రావణం వాడుతూ పోతే ప్లాస్టిక్‌కు సన్నని పగుళ్లు వస్తాయి. అవి మొదట సిరంజిని పట్టే బిగింపు దగ్గర, తలుపు గొళ్లెం దగ్గర కనిపిస్తాయి. అవి కనిపిస్తే ఆ పంపును రోగి దగ్గరికి పంపకండి.

డిసిన్ఫెక్టెంట్ సీసాల మీద కాంటాక్ట్ టైమ్ అని ఉంటుంది. దీన్ని "స్పర్శ సమయం" అని అనువదించిన కార్డులు చూశాను. చదివి ఎవరూ ఏమీ చేయలేరు. తుడిచిన చోటు అన్ని నిమిషాలు తడిగా నిలిచి ఉంటేనే క్రిములు చస్తాయన్నది దాని అర్థం. తుడవగానే పొడి గుడ్డతో మెరిసేలా తుడిచేయడం మన వార్డుల్లో శుభ్రతకు గుర్తు కాబట్టి ఈ ఒక్కదాన్ని నిషేధంగా రాయాలి: "తుడిచాక ఇన్ని నిమిషాలు తడిగానే వదిలేయండి. వెంటనే పొడి గుడ్డతో తుడవకండి." ఆ నిమిషాల అంకె సీసా మీద చూసి మీరే నింపండి. గుడ్డ గట్టిగా పిండాలి, అయినా చోటు తడిగా ఉండాలి అన్న రెండూ పొసగనట్టు కనిపిస్తాయి. మధ్యలో ఆరిపోతే మరోసారి తుడవాలి అన్న వాక్యం చేరిస్తే ఇబ్బంది తీరుతుంది.

సెలైన్ పంపు తలుపు లోపలి భాగానికి వేరే పంక్తి కేటాయించండి. గ్లూకోజ్ కలిసిన సెలైన్ ఒక చుక్క గాలి సెన్సర్ మీద పడి ఎండితే జిగురు పొరలా అంటుకుని, లైన్‌లో బుడగ లేకపోయినా `AIR IN LINE` మోగుతూ ఉంటుంది. సెట్టు మార్చినా, అదే పంపు మీద మళ్లీ మళ్లీ అదే అలారం వస్తుంటే మొదట ఇక్కడ చూడండి. చెమ్మ చేసిన దూది పుల్లతో మెల్లగా తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి; బ్లేడుతో, సూదితో గీకకూడదు. తలుపు తడిగా ఉండగా మూస్తే అలారం పోకపోగా కొత్తవి వస్తాయి.

చివరగా కార్డు గురించే ఒక మాట. దాన్ని కూడా పంపుతో పాటు రోజూ స్పిరిట్‌తో తుడుస్తారు కాబట్టి, మామూలు ప్రింటర్ సిరాతో వేసి అంచులు తెరిచి ఉంచితే నెలలోపే అక్షరాలు చెరిగిపోతాయి. నాలుగు వైపులా మూసుకునేలా లామినేషన్ చేయించండి. పంపు మోడలు, కార్డు తేదీ వెనక వైపు రాయండి. కంపెనీ మనిషి వచ్చి పంపు సాఫ్ట్‌వేర్ మార్చిన రోజున తెర మీది సందేశాలు మారి ఉండవచ్చు కాబట్టి, ఆ రోజే ఒక్కో అలారాన్నీ రప్పించి కార్డుతో పోల్చి చూసి, తేడా ఉన్న కార్డును పంపు నుంచి కోసి తీసేయండి.